మూడు మూలల కయ్య ఎన్ని సెంట్లు? ఎత్తు కొలవకుండా మూడు గట్ల కొలతతోనే లెక్క తేల్చడం

పోయిన వీడియోలో నేను కొత్తగా కొన్న మూడు మూలల కయ్యను చూపించాను. దాని కింద చాలామంది ఒకటే అడిగారు: "అది 32 సెంట్లని నువ్వే ఎలా తేల్చావు? సర్వేయరు రాకముందే ఎలా తెలిసింది?" వీడియోలో టేపు పట్టుకుని నడవడం కనిపిస్తుంది గానీ లెక్క సరిగ్గా కనపడదు. అందుకే ఆ లెక్కంతా ఇక్కడ రాస్తున్నా. కాగితం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటరు పక్కన పెట్టుకుని చదవండి.

మాది తడ పక్కన. హైవేకి, పులికాట్‌కి మధ్యలో ఉంటాయి మా పొలాలు. ఇక్కడ కాలువలు, డొంకలు, రోడ్లు అడ్డంగా పోయి పొలాలను కోసేశాయి. అందుకని ప్రతి ఊళ్ళోనూ మూడు మూలల ముక్కలు మిగిలిపోయి ఉంటాయి. మా కయ్యను ఆనుకుని అలాంటిదే ఒకటి ఉంది. ఒక పక్క మా గట్టు, ఒక పక్క పొట్టి గెనిమ, ఇంకో పక్క కాలువ. అది మా వరసకు మామ అయ్యే పెద్దాయనది. సంక్రాంతికి ముందు ఆయనే వచ్చి, "నీ పక్కనే ఉంది, నువ్వే తీసుకో అబ్బోడా" అన్నాడు. సెంటు ముప్పై వేలకు మాట కుదిరింది.

"మొత్తం ఎంత మామా?" అన్నా.

"39 సెంట్లు. మా నాయన కాలం నుంచి అదే లెక్క."

కాగితాల్లో ఆ ముక్కకు విడిగా లెక్క లేదు. పెద్ద సర్వే నంబరులో అది ఒక భాగం, సబ్‌డివిజన్ కాలేదు. నాకు చూడగానే 39 ఉండదేమో అనిపించింది. కానీ అనిపిస్తే సరిపోదు కదా, పెద్దాయన ముందు నోరు తెరవాలంటే లెక్క ఉండాలి.

బడిలో మనకు చెప్పింది ఒకటే: భూమిని ఎత్తుతో గుణించి సగం చెయ్యి. ఇక్కడ భూమి అంటే కింది భుజం, ఎత్తు అంటే ఎదురు మూల నుంచి ఆ భుజం మీదికి నిట్టనిలువుగా దించిన గీత. ఆ గీత కయ్య మధ్యలో నుంచి పోతుంది. అప్పుడు కయ్యలో వరి ఈనిక మీద ఉంది. నిలువు పైరులో టేపు ఈడ్చుకుంటూ పోతే మామ ఊరుకుంటాడా? పైగా నిట్టనిలువు అనేది కంటితో తేల్చేది కాదు. గట్ల మీద మాత్రం హాయిగా నడవొచ్చు. అంటే నా చేతిలో ఉండేది మూడు గట్ల పొడవులు, అంతే.

ఇద్దరం కలిసి వంద అడుగుల టేపుతో కొలిచాం. కాలువ పక్క 312 అడుగులు. మా గట్టు పక్క 247 అడుగులు. పొట్టి గెనిమ 121 అడుగులు.

మామ లెక్క ఎక్కడ తప్పింది

మామ లెక్క ఇది. రెండు పొడుగు గట్లు కలిపి సగం చెయ్యాలి. పొట్టి గట్టులో సగం తీసుకోవాలి. రెండూ గుణించాలి. 312, 247 కలిపి సగం చేస్తే 279.5. 121లో సగం 60.5. గుణిస్తే 16,910 చదరపు అడుగులు. సెంటుకు 435.6 చదరపు అడుగులు కాబట్టి భాగిస్తే 38.8. మామ చెప్పిన 39 అక్కడి నుంచి వచ్చింది. ఆయన అబద్ధం చెప్పలేదు, వాళ్ళ నాయన నేర్పిన లెక్కనే చెప్పాడు.

నేను అదే లెక్కను గట్లు మార్చి వేసి చూపించా. "మామా, ఈసారి కాలువ గట్టు, పొట్టి గెనిమ కలిపి సగం చేద్దాం. మా గట్టులో సగంతో గుణిద్దాం." 216.5ను 123.5తో గుణిస్తే 26,738 అడుగులు. అంటే 61 సెంట్లు. మూడో రకంగా, మా గట్టునూ పొట్టి గెనిమనూ కలిపి సగం చేసి, కాలువ గట్టులో సగంతో గుణిస్తే దాదాపు 66 సెంట్లు వచ్చింది. కయ్య ఒకటే, గట్లు అవే, లెక్క పద్ధతీ అదే. ఒకసారి 39, ఒకసారి 61, ఒకసారి 66. మామ కాసేపు టేపు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఇదేందిరా ఇది" అన్నాడు.

ఎందుకలా వస్తుందంటే, ఆ లెక్క వాలుగా ఉన్న గట్ల సగటునే ఎత్తు అనుకుంటుంది. నిజమైన ఎత్తు నిట్టనిలువు గీత. వాలు గట్టు ఎప్పుడూ దానికంటే పొడుగే ఉంటుంది. పొట్టి గెనిమను భూమిగా తీసుకుంటే మా కయ్యకు నిజమైన ఎత్తు 230 అడుగులు, మామ లెక్కలో 279.5 అయింది. అందుకే మూడు మూలల చేనుకు ఈ లెక్క ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించదు. అమ్మేవాడికి లాభం, కొనేవాడికి నష్టం. కౌలుకు తీసుకునేవాడికీ నష్టమే.

ఈ మోటు లెక్క మా మామది కాదు, చాలా పాతది. 628లో బ్రహ్మగుప్తుడు రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో మోటు లెక్క, కచ్చితమైన లెక్క రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఎదురెదురు గట్లను కలిపి సగం చేసి, వచ్చిన రెండింటినీ గుణించడం మోటు లెక్క. మూడు మూలల చేనును, నాలుగో గట్టు సున్నా అయిన నాలుగు మూలల చేనుగా చూసేవాళ్ళు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఈ రెండింటినీ వ్యావహారిక ఫలం, సూక్ష్మ ఫలం అని విడదీసి చెప్పాడు. ఆ పుస్తకాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. అంటే మోటు లెక్క మోటుదేనని, అసలు లెక్క వేరే ఉందని చెప్పే గణితం మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. ఊళ్ళల్లో మాత్రం సులువైనదే మిగిలింది. వర్గమూలం తియ్యక్కర్లేదు కదా మరి.

అసలు లెక్క

గ్రీకు వాళ్ళ వైపు దీన్ని హెరాన్ సూత్రం అంటారు. అలెగ్జాండ్రియాలో ఉండిన హెరాన్ ఒకటో శతాబ్దంలో రాసిన మెట్రికా అనే పుస్తకంలో ఇది ఉంది. మన టెన్త్ లోపు పుస్తకాల్లోనూ ఉంటుంది, పరీక్ష అయ్యాక మర్చిపోతాం. మూడు గట్లను a, b, c అనుకుంటే:

```
s = (a + b + c) / 2
A = √( s × (s − a) × (s − b) × (s − c) )
```

s అంటే చుట్టుకొలతలో సగం. A అంటే వైశాల్యం. ఇంక మన కయ్యకు వేద్దాం.

మూడు గట్లు కలిపితే 312 + 247 + 121 = 680. సగం 340. ఇప్పుడు ఈ 340లోంచి ఒక్కో గట్టును తీసెయ్యాలి. 312 తీస్తే 28. 247 తీస్తే 93. 121 తీస్తే 219. ఈ మూడూ కలిపితే మళ్ళీ 340 రావాలి. 28 + 93 + 219 = 340, వచ్చింది. రాకపోతే తీసివేతలో ఎక్కడో తప్పు చేశామని అర్థం. ముందుకు పోకుండా ఇక్కడే ఆగి చూసుకోండి.

నాలుగు అంకెలనూ గుణించాలి. 340ని 28తో గుణిస్తే 9,520. 93ను 219తో గుణిస్తే 20,367. ఈ రెండూ గుణిస్తే 19,38,93,840. దీనికి వర్గమూలం 13,924.6. అంటే 13,924.6 చదరపు అడుగులు. 435.6తో భాగిస్తే 31.97. ముప్పై రెండు సెంట్లు!

39కి, 32కి ఏడు సెంట్ల తేడా. సెంటు ముప్పై వేలంటే రెండు లక్షల పదివేలు.

కాలిక్యులేటరులో వర్గమూలం గుర్తు లేకపోతే భయపడక్కర్లేదు. హెరానే దానికీ దారి చూపించాడు. ముందు ఉజ్జాయింపుగా ఒక అంకె అనుకోండి. నేను 14,000 అనుకున్నా. 19,38,93,840ని 14,000తో భాగిస్తే 13,849.6 వచ్చింది. 14,000కు, 13,849.6కు సగటు తీస్తే 13,924.8. ఒక్క అడుగులోనే అసలు జవాబు పక్కకు వచ్చేశాం. మొదట అనుకున్న అంకె బాగా దూరంగా ఉంటే వచ్చిన సగటుతో ఇంకోసారి అదే పని చెయ్యాలి.

నాలుగైదు ముక్కలు ఉన్నవాళ్ళు ఫోన్‌లో షీట్ పెట్టుకోండి. A, B, C గడుల్లో గట్ల కొలతలు, D గడిలో సగం చుట్టుకొలత, E గడిలో సెంట్లు.

```
D2:  =(A2+B2+C2)/2
E2:  =SQRT(D2*(D2-A2)*(D2-B2)*(D2-C2))/435.6
```

ఇందులో #NUM! అని వస్తే షీట్ పాడైందని కాదు. ఆ మూడు కొలతలతో అసలు త్రిభుజమే ఏర్పడదని అర్థం. ఏ రెండు గట్లు కలిపినా మూడో దానికంటే ఎక్కువ ఉండాలి. 310, 180, 120 అని రాసుకుని వచ్చారనుకోండి, 180, 120 కలిస్తే 300 మాత్రమే, 310కి అందదు. టేపు మడతలు లెక్కపెట్టడంలో ఒక వంద తప్పిపోయి ఉంటుంది. మళ్ళీ పొలానికి పోవాల్సిందే.

గూటం పెట్టి సరిచూడటం

లెక్క చూసి మామ ఒప్పుకోలేదు. "నువ్వు ఫోన్‌లో ఏదో నొక్కావు, ఏదో వచ్చింది. నాకు కళ్ళకు కనపడాల" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. కోత అయ్యాక చూపిస్తానన్నా.

కళ్ళకు చూపించే ఉపాయం ఇది. అన్నిటికంటే పొడుగు గట్టు, అంటే 312 అడుగుల కాలువ గట్టు, దాన్ని భూమి అనుకుందాం. ఎదురు మూల నుంచి నిట్టనిలువు గీత దాని మీద ఎక్కడ పడుతుందో ముందే లెక్కతో చెప్పొచ్చు. మా గట్టు కలిసే మూల నుంచి ఆ చోటు వరకు దూరం x అనుకుంటే:

```
x = (247² + 312² − 121²) / (2 × 312) = 143712 / 624 = 230.3
```

అంటే ఆ మూల నుంచి కాలువ గట్టు మీద 230 అడుగుల 4 అంగుళాల దగ్గర గూటం కొట్టాలి. అక్కడి నుంచి ఎదురు మూలకు దూరం ఎంత ఉండాలి? పైథాగరస్ లెక్కే. 247 వర్గంలోంచి 230.3 వర్గం తీసేసి వర్గమూలం తీస్తే దాదాపు 89.25. అంటే 89 అడుగుల 3 అంగుళాలు.

కోత అయిన వారానికి మామను పిలిచా. గూటం కొట్టే చోటు నేను చెప్పా, గూటం ఆయనే కొట్టాడు. "మామా, ఇక్కడి నుంచి ఆ మూలకు 89 అడుగుల 3 అంగుళాలు వస్తుంది" అని టేపు ఆయన చేతికే ఇచ్చా. 89 అడుగుల 5 అంగుళాలు వచ్చింది. రెండంగుళాల తేడా టేపుది, గూటం లావుది. 312ను 89.25తో గుణించి సగం చేస్తే 13,923. మన సూత్రం ఇచ్చిన 13,924.6కు ఇది సరిపోయింది. వీడియోలో మామ టేపు చూసి నవ్వేది ఇక్కడే.

అన్నిటికంటే పొడుగు గట్టునే తీసుకోమన్నది ఎందుకంటే, నిట్టనిలువు గీత దాని మీద అయితే తప్పకుండా లోపలే పడుతుంది. పొట్టి గట్టు తీసుకుంటే అది ఒక్కోసారి గట్టు దాటి పక్కవాళ్ళ చేలో పడుతుంది.

హెరాన్ సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే కూడా ఈ గూటమే చాలు. గూటం దగ్గర నిలువు గీత కయ్యను రెండు లంబకోణ త్రిభుజాలుగా చీలుస్తుంది. రెండింటికీ ఆ నిలువు గీత ఉమ్మడి. రెండు వైపులా పైథాగరస్ రాసి సమానం చేస్తే x వస్తుంది, x నుంచి ఎత్తు, ఎత్తు నుంచి వైశాల్యం. అంకెల బదులు a, b, c పెట్టి ఇదే పని చేస్తే, వర్గాల తేడాలు విడిపోయి నాలుగు ముక్కలు మిగులుతాయి: మూడు గట్ల మొత్తం ఒకటి, రెండు గట్ల మొత్తంలోంచి మూడోది తీసేసినవి మూడు. ఒక్కోదాన్ని సగం చేస్తే అవే s, s − a, s − b, s − c. అంటే సూత్రం వెనక దాక్కున్నది మన ఎత్తే. మనం విడిగా కొలవడం లేదు, అంతే.

టేపు పొడుగైతే చేను పొట్టిదవుతుంది

ఇది వినడానికి విచిత్రంగా ఉంటుంది, కానీ ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. కాలువ గట్టు మీద సర్కారు తుమ్మ కంపలు ఉన్నాయి. మొదటిసారి వాటిని చుట్టుకుంటూ కొలిస్తే 315 వచ్చింది. మూడడుగులు ఎక్కువ. మామూలుగా మనం ఏమనుకుంటాం? కొలత పెరిగితే చేను పెరుగుతుందని. కానీ 315, 247, 121తో లెక్క వేస్తే 31.5 సెంట్లే వచ్చింది. దాదాపు అర సెంటు తగ్గింది. మిగతా రెండు గట్లు అంతే ఉండి పొడుగు గట్టు సాగితే, ఎదురు మూల దాని వైపుకు దిగిపోతుంది, ఎత్తు తగ్గిపోతుంది. పొట్టి గట్ల మధ్య మూల బాగా విచ్చుకుని ఉన్న చేలల్లో ఇలాగే జరుగుతుంది.

సూది లాంటి ముక్కల్లో ఇది ఇంకా ఘోరం. 300, 180, 125 అడుగుల ముక్క ఉందనుకుందాం. లెక్క వేస్తే 9.3 సెంట్లు. 300 బదులు 301 కొలిస్తే 8.4. మూడడుగులు తప్పి 303 వస్తే 6 సెంట్లే! టేపు మూడడుగులు వంకర పోతే మూడు సెంట్లు మాయం. దీన్ని ముందే పసిగట్టడానికి ఒక గుర్తు ఉంది. తీసివేతల్లో ఒక అంకె మిగతావాటితో పోలిస్తే మరీ చిన్నగా వచ్చిందేమో చూడండి. ఇక్కడ s 302.5, దాంట్లో 300 పోతే 2.5 మాత్రమే మిగిలింది. అలా వచ్చిందంటే ఆ జవాబును నమ్మొద్దు. ఆ ముక్కకు గట్ల లెక్క పనికిరాదు. పైరు లేనప్పుడు గూటం పెట్టి ఎత్తే కొలవాలి. అక్కడ ఎత్తు 27 అడుగులే ఉంటుంది కాబట్టి ఒకసారి టేపు పట్టినా అయిపోతుంది, అర అడుగు తప్పినా లెక్కలో తేడా రెండు శాతమే.

అందుకే టేపు పట్టేటప్పుడు మేం చేసింది చెబుతా. కంపలు కొట్టించాం. మూలల్లో పొడవాటి కర్రలు పాతాం. వంద అడుగుల టేపుతో 312 అడుగులు కొలవాలంటే నాలుగు సార్లు వెయ్యాలి కదా, ప్రతిసారీ వెనక ఉన్నవాడు రెండు కర్రలూ ఒకే గీతలో కనపడేలా ముందువాణ్ణి నిలబెట్టాడు. టేపు ఊగకుండా బిగించి పట్టాం. అన్నిటికంటే ముందు, గట్టు మధ్య నుంచి కొలవాలా, అంచు నుంచి కొలవాలా అనేది ఇద్దరం మాట అనుకున్నాం. మూడడుగుల గెనిమకు ఈ మాట అనుకోకపోతే అక్కడే ఒకటిన్నర అడుగు గొడవ. ఒక్కో గట్టును రెండు వైపుల నుంచీ కొలిచి, అర అడుగు లోపు తేడా ఉంటేనే రాసుకున్నాం.

ఫోన్‌లో చేను చుట్టూ నడిచి ఎకరాలు చూపించే యాప్‌ల గురించి కూడా అడిగారు. పదెకరాల తోటకు అవి ఉజ్జాయింపుగా పనికొస్తాయి. 30 సెంట్ల ముక్కకు వద్దు. ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. మూడడుగులకే ఇంత తేడా వస్తుంటే మీటర్ల సంగతి చెప్పేదేముంది.

గట్టు వంకరగా ఉంటే మూల నుంచి మూలకు తాడు కట్టి తిన్నగా కొలవండి. తర్వాత తాడుకు, గట్టుకు మధ్య ఎక్కువ ఎడం ఎంతుందో చూడండి. గట్టు విల్లులా సమానంగా వంగి ఉంటే, ఆ ఎడాన్ని తాడు పొడవుతో గుణించి మూడింట రెండు వంతులు తీసుకోవాలి. 312 అడుగుల మీద రెండడుగులు బయటికి ఉబ్బితే 416 చదరపు అడుగులు, దాదాపు ఒక సెంటు కలుస్తుంది. లోపలికి వంగితే తీసెయ్యాలి. మా కాలువ గట్టు తిన్నగానే ఉంది, ఆ బాధ తప్పింది.

సర్వేయరు, లింకులు

ఈ లెక్క మన ధైర్యానికి మాత్రమే, రిజిస్ట్రేషన్‌కు కాదు. ముక్కను సబ్‌డివిజన్ చేయించుకోవాలంటే మండల సర్వేయరు కొలవాల్సిందే. కానీ ఆయన కాగితం చదవడానికి ఈ లెక్క పనికొస్తుంది. పాత ఎఫ్‌ఎంబీ స్కెచ్‌లో కొలతలు అడుగుల్లో ఉండవు, లింకుల్లో ఉంటాయి. 66 అడుగుల గొలుసుకు వంద లింకులు. లింకు అంటే 7.92 అంగుళాలు. ఎకరాకు సరిగ్గా లక్ష చదరపు లింకులు, సెంటుకు సరిగ్గా వెయ్యి. అంటే లింకుల్లో లెక్క వేస్తే 435.6తో భాగించే బాధే లేదు, వెయ్యితో భాగిస్తే సెంట్లు వచ్చేస్తాయి. కొత్తగా గీసిన వాటిలో మీటర్లు ఉంటాయి, అప్పుడు సెంటుకు 40.47 చదరపు మీటర్లు. ఏ కొలతలో ఉందో చూడకుండా అంకెలు కొట్టేస్తే మాత్రం ఆ జవాబుకు అర్థం ఉండదు.

మా ముక్కకు సర్వేయరు లెక్క 32 సెంట్లే వచ్చింది. ఆ లెక్క మీదే డబ్బులు ఇచ్చా. కొత్త కయ్యకు జీవామృతం కలిపేటప్పుడు కూడా ఈ అంకే పెట్టుకున్నా. ఎకరాకు 200 లీటర్ల చొప్పున 64 లీటర్లు చాలు.

నాలుగు గట్ల చేనుకు నాలుగు కొలతలు చాలవు

రిజిస్ట్రేషన్ అయ్యాక మామ ఇంకో పొలం లెక్క అడిగాడు. "దానికి నాలుగు గట్లు. నాలుగూ నేనే కొలుచుకొచ్చినా. ఇదిగో, 200, 150, 200, 150. చెప్పు."

"ఇవి చాలవు మామా" అన్నా.

ఆయన నమ్మలేదు. వాళ్ళింటి వరండాలో నులక మంచం ఉంది, కోళ్ళు వదులై ఊగుతూ ఉంది. దాన్ని ఒక మూల పట్టుకుని పక్కకు నెట్టా. మంచం వంకర పోయింది. పట్టెలు అవే, పొడవులు అవే, లోపలి చోటు మాత్రం తగ్గింది. మూడు కర్రలతో కట్టిన చట్రం అలా వంకర పోదు. మూడు పొడవులు తెలిస్తే త్రిభుజం ఒక్కటే, అందుకే మూడు గట్ల లెక్క కుదురుతుంది. నాలుగు గట్లయితే ఎన్ని ఆకారాలైనా రావొచ్చు.

మామ చేను నాలుగు మూలలూ సరిగ్గా లంబంగా ఉంటే 30,000 చదరపు అడుగులు, 68.9 సెంట్లు. అప్పుడు మూల నుంచి ఎదురు మూలకు 250 అడుగులు ఉండాలి. అదే చేను మంచంలా వంకర పోయి, ఆ అడ్డగీత 200 అడుగులే ఉందనుకోండి. అడ్డగీతకు రెండు వైపులా 200, 150, 200 అడుగుల త్రిభుజాలు రెండు. ఒక్కోటి 13,905 చదరపు అడుగులు. రెండూ కలిపితే 27,811, అంటే 63.8 సెంట్లు. గట్ల కొలతలు ఒక్క అంగుళం కూడా మారలేదు, ఐదు సెంట్లు పోయాయి. ఐదు మూలల చేనైతే రెండు అడ్డగీతలు కావాలి, మూడు త్రిభుజాలు చేసుకోవాలి. ఎఫ్‌ఎంబీలో చేను మధ్యలో గీతలు కనిపించేది ఇందుకే.

మామ ఆ పొలంలో ఇప్పుడు వేరుశనగ ఉంది. పీకేశాక మూల నుంచి మూలకు టేపు పట్టుకుని పోదాం అన్నాడు. ఆ కొలత వచ్చాక జవాబు ఎంతో ఈ వీడియో కిందనే రాస్తా.